మూడు తాళ్ల దీపం: ఏ తాడు మీద ఎంత బిగువు (ప్రాజెక్టు డైరీ)

పర్లాకిమిడి దగ్గర ఒక పల్లె రామమందిరంలో ఇత్తడి దీపం వేలాడదీసే పని ఇది. దీపం ఉండాల్సిన చోటికి సరిగ్గా పైన సిమెంటు రేకు తప్ప ఇంకేమీ లేదు, అక్కడ కొక్కెం దిగదు. కొక్కేలు దిగే కలప మూడు చోట్లే ఉంది: ముందు దూలం మీద రెండు చోట్ల, వెనక అడ్డకర్ర మీద ఒక చోట. అందుకని మూడు తాళ్లు మూడు కొక్కేల నుంచి ఏటవాలుగా వచ్చి ఒక ఇనుప రింగు దగ్గర కలుస్తాయి. ఆ రింగుకి గొలుసు, గొలుసుకి దీపం. ఈ డైరీలో రింగుని కూడలి అంటాం. ఒక్కో తాడులో తన్యత, అంటే బిగువు, ఎంతో ముందుగా లెక్కగట్టి, తర్వాత తూచి చూడటమే పని.

బరువులు ఇలా తేలాయి: దీపం 5.2 కిలోలు, నిండా పోసిన నువ్వుల నూనె 0.4, గొలుసూ రింగూ కలిపి 0.4. మొత్తం 6.0 కిలోలు. నూనె లేకుండా తూచి లెక్క మొదలుపెట్టొద్దు. కార్తీకమాసంలో అది రాత్రంతా నిండుగానే ఉంటుంది.

బిగువులన్నీ కిలోల బరువులోనే రాశాం. తూచే కాటా కిలోలే చూపిస్తుంది కాబట్టి 9.8తో గుణించి న్యూటన్లలోకి మార్చి, మళ్లీ భాగించుకునే శ్రమ ఇక్కడ అనవసరం.

దశ 1: కప్పు మీది కొలతలు నేల మీదికి

తాళ్ల కోణాలు కొలవడానికి ఫోన్‌లోని కోణాలు చూపే యాప్‌ని తాడుకి ఆనించి చూస్తే ప్రతిసారీ రెండు డిగ్రీల తేడా వచ్చింది. తాడు గుండ్రంగా ఉంటుంది, ఫోను సరిగ్గా ఆనదు. పైగా ఆనించగానే తాడు కిందికి వంగుతుంది. రెండు డిగ్రీలే కదా అనిపిస్తుంది గానీ, వెనక తాడు అడ్డగీతతో చేసే కోణం 23 డిగ్రీలే. అక్కడ రెండు డిగ్రీలు తప్పితే బిగువు లెక్క దాదాపు 8 శాతం తప్పుతుంది. అందుకని కోణాలు వదిలేసి అన్నీ టేపుతోనే కొలిచాం.

1. తాపీమేస్త్రి గుండు కట్టిన దారాన్ని ఒక్కో కొక్కెం నుంచి వేలాడదీసి, గుండు మొన కింద నేల మీద సుద్దతో గుర్తు పెట్టాలి. ఫ్యాన్లు ఆపి, గుండు ఊగడం పూర్తిగా ఆగాకే గుర్తు పెట్టాలి.
2. దీపం ఎక్కడ వేలాడాలో ఆ చోటు కూడా నేల మీదే గుర్తు పెట్టాలి.
3. మూడు కొక్కేలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో నీళ్ల లెవల్ ట్యూబుతో చూడాలి. నేల నుంచి టేపుతో కొలిస్తే కుదరదు, ఎందుకంటే నీళ్లు పోవడానికి నేలకి వాలు పెట్టి ఉంటారు.
4. సుద్ద గుర్తులు మూడింటినీ దారంతో కలిపి త్రిభుజం గీయాలి.
5. మూలమట్టం పెట్టి, త్రిభుజం ఒక్కో గీత నుంచి దీపం గుర్తు ఎంత దూరమో, ఆ గీతకి ఎదురు మూల ఎంత దూరమో కొలవాలి.

ఇక్కడ వచ్చిన కొలతలు: ఎడమ, కుడి గుర్తుల మధ్య 360 సెంటీమీటర్లు. ఆ గీత నుంచి వెనక గుర్తు 300, దీపం గుర్తు 60. ఆ గీత వెంట చూస్తే ఎడమ గుర్తు నుంచి దీపం 210 దగ్గర, వెనక గుర్తు 120 దగ్గర పడ్డాయి. కొక్కేల ఎత్తు 335. కూడలి కొక్కేల కంటే 110 కింద ఉండేలా కట్టాలనుకున్నాం. ఈ 110ని ఇకమీదట లోతు అంటాం.

ఖర్చు ఇప్పటికి: స్క్రూ కొక్కేలు మూడు 45, నైలాన్ తాడు 90, రింగూ గొలుసూ 110. మొత్తం 245 రూపాయలు.

దశ 2: కూడలి దగ్గర లెక్క

కూడలి కదలకుండా నిలబడిందంటే దాని మీద పడే లాగుళ్లన్నీ ఒకదానికొకటి సరిపోయినట్టే. పైకీ కిందికీ సరిపోవాలి, ముందుకీ వెనక్కీ సరిపోవాలి, ఎడమకీ కుడికీ సరిపోవాలి. తెలియని బిగువులు మూడు, షరతులూ మూడే. కాబట్టి జవాబు ఒక్కటే వస్తుంది.

సైన్లు, కొసైన్లు లేకుండా లెక్క తేల్చే దారి ఇది. ఒక తాడులో బిగువుని ఆ తాడు పొడవుతో భాగిస్తే సెంటీమీటరుకి ఇన్ని గ్రాములని ఒక రేటు వస్తుంది. ఆ తాడు కూడలిని ఏ దిక్కుకి ఎంత లాగుతుందో తెలియాలంటే, ఆ దిక్కులో తాడు ఎంత దూరం సాగిందో కొలిచి ఈ రేటుతో గుణిస్తే చాలు. 110 పైకి పోయిన తాడు 110 రెట్లు పైకి లాగుతుంది, 240 వెనక్కి పోయిన తాడు 240 రెట్లు వెనక్కి లాగుతుంది.

ముందు వెనకల లెక్క చూద్దాం. వెనక కొక్కెం దీపం నుంచి 240 వెనక్కి ఉంది. ఎడమ, కుడి కొక్కేలు రెండూ 60 ముందుకి ఉన్నాయి. అంటే వెనక తాడు రేటుని 240తో గుణిస్తే వచ్చేదీ, మిగతా రెండు తాళ్ల రేట్ల మొత్తాన్ని 60తో గుణిస్తే వచ్చేదీ సమానం కావాలి. కాబట్టి వెనక తాడు రేటు ఆ రెండింటి మొత్తంలో నాలుగో వంతు, మూడింటి మొత్తంలో ఐదో వంతు. నేల మీద కొలిచిన 60ని 300తో భాగించినా వచ్చేది అదే 0.200. మిగతా రెండు గీతలకీ ఇదే సూత్రం:

- వెనక తాడు వాటా: 60 ÷ 300 = 0.200
- కుడి తాడు వాటా (ఎడమ–వెనక గీత నుంచి): 172.7 ÷ 334.3 = 0.517
- ఎడమ తాడు వాటా (కుడి–వెనక గీత నుంచి): 79.6 ÷ 281.1 = 0.283
- మూడూ కలిపి: 1.000

ఆ చివరి 1.000 రాకపోతే ముందుకి పోవద్దు. 0.99 నుంచి 1.01 లోపు ఉంటే టేపు తేడా అనుకోవచ్చు. అంతకు మించితే మూలమట్టం ఎక్కడో వంకరగా పెట్టి ఉంటారు, మళ్లీ కొలవాల్సిందే.

ఇక నిలువు లెక్క. మూడు తాళ్లూ 110 పైకి పోతున్నాయి కాబట్టి రేట్ల మొత్తాన్ని 110తో గుణిస్తే 6000 గ్రాములు రావాలి. అంటే మొత్తం రేటు సెంటీమీటరుకి 54.5 గ్రాములు. దాన్ని వాటాల ప్రకారం పంచి, ఒక్కో తాడు పొడవుతో గుణిస్తే బిగువు వచ్చేస్తుంది. పొడవు అంటే కొక్కెం నుంచి కూడలి దాకా ఉన్న తాడు పొడవు, ముడి దాటి మిగిలిన తోక కాదు.

- ఎడమ: పొడవు 244.5, రేటు 15.45, బిగువు 3.78 కిలోలు
- కుడి: పొడవు 195.4, రేటు 28.18, బిగువు 5.51 కిలోలు
- వెనక: పొడవు 278.9, రేటు 10.91, బిగువు 3.04 కిలోలు
- మూడు బిగువుల మొత్తం: 12.33 కిలోలు

ఆరు కిలోల దీపానికి పన్నెండు కిలోల బిగువేమిటని ఈ మొత్తం చూసిన ప్రతివాళ్లూ అడుగుతారు. తాళ్లు దీపాన్ని పైకి ఎత్తడమే కాదు, ఒకదాన్నొకటి పక్కలకి లాక్కుంటాయి కూడా. పైకి లాగేది మాత్రమే కూడితే 1.70, 3.10, 1.20, మొత్తం సరిగ్గా 6.00. ఎడమ కుడి దిక్కులోనూ సరిచూసుకోవచ్చు. ఎడమ తాడు 3.25 కిలోలు ఎడమకి లాగుతుంది, వెనక తాడు మరో 0.98 ఎడమకే లాగుతుంది. కుడి తాడు 4.23 కుడికి లాగుతుంది. సరిపోయింది.

దశ 3: రింగులోంచి దూర్చిన తాడు జారిపోయింది

ఎడమ, కుడి తాళ్లకి ఒకే పొడుగు తాడు తీసుకుని రింగులోంచి దూర్చి, రెండు చివర్లూ కొక్కేలకి కట్టాం. వెనక తాడు మాత్రం రింగుకి ముడేశాం. దీపం తగిలించగానే రింగు గుర్తు మీద నిలవకుండా ఎడమ వైపుకి జారింది. చేత్తో తెచ్చి గుర్తు మీద పెట్టినా వదిలితే మళ్లీ జారిపోయింది.

కారణం లెక్కలోనే ఉంది. గుర్తు మీద నిలవాలంటే ఎడమ 3.78, కుడి 5.51 కావాలి. కానీ నున్నటి రింగులోంచి పోయే ఒకే తాడులో రెండు పక్కలా బిగువు సమానంగా ఉంటుంది, రాపిడి వల్ల వచ్చే కొద్దిపాటి తేడా తప్ప. కుడి వైపు కావాల్సినంత బిగువు రాదు కాబట్టి రింగు ఎడమకి పోతుంది. పాత గరుకు తాడైతే రాపిడి వల్ల కాసేపు గుర్తు మీదే నిలబడి, గాలికో, ఎవరి చెయ్యో తగిలో తర్వాత జారుతుంది. అది ఇంకా మోసం.

మార్చింది: మూడు తాళ్లూ విడివిడిగా కోసి, ఒక్కోటీ రింగుకి విడిగా ముడేశాం. మూడు ముళ్లూ రింగులో ఒకే చోటికి చేరాలి. వేలితో రింగుని ఏ పక్కకి నెట్టి వదిలినా అదే గుర్తు మీదికి తిరిగొస్తే ముళ్లు పట్టినట్టే.

దశ 4: కాటా తప్పు చెప్పలేదు, దీపమే కదిలింది

తూచడానికి సామాన్ల సంచులు తూచే డిజిటల్ కొక్కెం కాటా తీసుకున్నాం, 10 గ్రాముల తేడా కూడా చూపిస్తుంది. కుడి తాడు విప్పి, కొక్కేనికీ తాడుకీ మధ్య కాటా పెడితే 4.9 కిలోలు చూపించింది. లెక్క ప్రకారం 5.51 రావాలి. కాటాని తెలిసిన రాయితో తూచి చూస్తే కాటా బాగానే ఉంది.

గుండుదారం వేసి చూస్తే సంగతి తేలింది. కాటా, దాని పట్టీ కలిసి కుడి తాడుని 20 సెంటీమీటర్లు పొడుగు చేశాయి. దాంతో కూడలి 11 సెంటీమీటర్లు ఎడమకి, 5 వెనక్కి, 17 కిందికి పోయింది. ఆ కొత్త చోటికి లెక్క మళ్లీ వేస్తే కుడి తాడు బిగువు 4.88. అంటే కాటా ఆ చోటికి నిజమే చెప్పింది. మనం కోరిన చోటు అది కాదు, అంతే.

అందుకని ఒక్కో తాడుకీ కొక్కెం పక్కన ఒక టర్న్‌బకిల్, అంటే తిప్పితే తాడుని బిగించే, వదులు చేసే మర, పెట్టాం. తూచే పద్ధతి ఇలా మారింది:

1. కాటాని కొక్కెం వైపే పెట్టాలి, కూడలి వైపు కాదు. కూడలి దగ్గర పెడితే కాటా బరువు కూడా కూడలి మీదే పడుతుంది, తాడూ అక్కడ వంగుతుంది.
2. కాటా చేరాక ముడి విప్పి ఆ తాడుని అంత మేర కుదించి, మిగతా తేడా టర్న్‌బకిల్ తిప్పి సరిచేయాలి.
3. కూడలి నుంచి వేలాడే గుండు నేల మీది గుర్తుకి వచ్చిందో, లోతు 110 ఉందో చూడాలి. రెండూ కుదిరాకే అంకె రాసుకోవాలి.
4. ఈ కాటాలు అంకె నిలకడగా ఉండగానే దాన్ని పట్టేసి అలాగే చూపిస్తుంటాయి. టర్న్‌బకిల్ తిప్పాక కాటా ఆపి, బరువు ఎత్తిపట్టి సున్నా చేసి, మళ్లీ దించి చదవాలి. లేకపోతే పాత అంకే కనిపిస్తూ ఉంటుంది.

ఒకే కాటాని మూడు తాళ్లకీ మార్చి మార్చి వాడొచ్చు. ప్రతిసారీ కూడలి పాత చోటికి వస్తే చాలు, బిగువులు కూడా పాతవే ఉంటాయి.

ఖర్చు ఇప్పటికి: 245కి కాటా 320, టర్న్‌బకిల్స్ మూడు 210 కలిపి 775 రూపాయలు.

దశ 5: నైలాన్ తీసేసి పాలిస్టర్

సాయంత్రం సరిగ్గా గుర్తు మీద నిలబెట్టిన కూడలి తెల్లారేసరికి 4 సెంటీమీటర్లు దిగింది, గుర్తు నుంచి పక్కకీ జరిగింది. నైలాన్ బరువు మీద ఉన్నంతసేపూ నెమ్మదిగా సాగుతుంది, తడి తగిలితే ఇంకాస్త. వానాకాలం గాలిలో ఆ తడికి కొదవేం లేదు. నూలుతాడు, జనపతాడు దీనికి వ్యతిరేకం, అవి తడిస్తే కుంచించుకుపోతాయి. మూడు తాళ్ల పొడవులూ, బిగువులూ వేరు కాబట్టి మూడూ ఒకేలా సాగవు. అందుకే కూడలి కిందికి దిగడంతో ఆగక పక్కకి కూడా పోతుంది.

6 మిల్లీమీటర్ల అల్లిక పాలిస్టర్ తాడు తెచ్చి, కట్టే ముందు దీపానికి రెట్టింపు బరువు, అంటే 12 కిలోలు, ఒక్కో తాడుకీ రాత్రంతా వేలాడదీసి ఉంచాం. ముళ్లు అప్పుడే బిగిసిపోతాయి. నిజానికి మొదటి రోజు వచ్చే సాగుడులో ముళ్లు సర్దుకోవడం వల్ల వచ్చేదే ఎక్కువ. తర్వాత కూడలి చోటు మారలేదు.

పాలిస్టర్‌తో ఒక జాగ్రత్త ఉంది. వత్తి సెగ నేరుగా కూడలికే ఎగదన్నుతుంది, పాలిస్టర్ సెగకి కరుగుతుంది. మంటకీ ముళ్లకీ మధ్య గొలుసు అడుగున్నర కంటే తక్కువ పెట్టొద్దు. వత్తులన్నీ వెలిగించి అరగంట తర్వాత ముడి మీద చెయ్యి ఆనించి చూడాలి. చెయ్యి నిలవనంత వేడి ఉంటే గొలుసు పొడుగు పెంచాల్సిందే.

ఈ తాళ్లతో తూచినవి: ఎడమ 3.86, కుడి 5.61, వెనక 3.07. లెక్కలో వచ్చినవి 3.78, 5.51, 3.04. మూడూ కొంచెం ఎక్కువే, అదీ ఇంచుమించు ఒకే నిష్పత్తిలో. మూడూ కలిసి పెరిగినా, కలిసి తగ్గినా తప్పు బరువులోనో లోతులోనో ఉంటుంది. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గితే తప్పు చోటులో ఉంటుంది, కూడలి గుర్తు మీద లేదన్నమాట. తేడా ఎక్కడుందో వెతుక్కునే ముందు ఈ ఒక్కటి చూసుకుంటే చాలా శ్రమ తప్పుతుంది.

ఇక్కడ వదిలేసిన బరువు తాళ్లదే. మూడూ కలిపి 180 గ్రాములు. అందులో సగం కొక్కేల మీద, సగం కూడలి మీద పడుతుంది. కాబట్టి 6.00 బదులు 6.09 పెట్టి లెక్కేస్తే 3.84, 5.59, 3.09 వచ్చాయి. మిగిలిన తేడా 20 గ్రాములు, కాటా చూపే మెట్టుకి రెండింతలు. ఇంతకంటే దగ్గరికి రావాలని కూర్చోవడం దండగ.

ఖర్చు ఇప్పటికి: 775కి పాలిస్టర్ తాడు 160 కలిపి 935 రూపాయలు.

దశ 6: పైకెత్తితే కొక్కెం ఊడింది

లోతు 110 ఉన్నప్పుడు దీపం అడుగు నేల నుంచి 165 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. భజనకి లేచి నిలబడ్డవాళ్ల నుదుటికి తగిలే ఎత్తు. ఎవరికీ తగలకుండా ఉండాలని లోతు 40కి తెచ్చాం, అంటే కూడలిని 70 పైకెత్తాం. నేల మీది గుర్తు మారలేదు కాబట్టి వాటాలు మారవు, పొడవులూ లోతూ మాత్రమే మారతాయి.

- లోతు 110: ఎడమ 3.84, కుడి 5.59, వెనక 3.09, మొత్తం 12.5 కిలోలు
- లోతు 75: ఎడమ 5.31, కుడి 7.47, వెనక 4.34, మొత్తం 17.1 కిలోలు
- లోతు 40: ఎడమ 9.58, కుడి 13.09, వెనక 7.90, మొత్తం 30.6 కిలోలు

తాడుకి 13 కిలోలు లెక్కే కాదు. ఊడింది కొక్కెం. కుడి కొక్కేన్ని కిందికి లాగే భాగం 110 దగ్గరా 3.15 కిలోలే, 40 దగ్గరా 3.15 కిలోలే. పక్కకి లాగే భాగం మాత్రం 4.6 నుంచి 12.7కి పెరిగింది. దూలం అడుగున మరబిగించిన స్క్రూ కొక్కెం కిందికి లాగే బరువు మోయడానికి తగ్గట్టు ఉంటుంది. పక్కకి లాగితే మెడ దగ్గర వంగి, కలపలోని కన్నాన్ని వెడల్పు చేసుకుంటుంది. ముందు కొక్కెం చుట్టూ సన్నటి పగులు, తర్వాత పొట్టు రాలడం, ఆ తర్వాత ఊడటం. నేల మీద కలప పొట్టు కనిపిస్తే కొక్కెం ఆడుతోందని గుర్తు. వడ్రంగి మేస్త్రి ఒక్క ముక్కలో తేల్చేశాడు: "కొక్కెం కిందికి లాగితే నిలబడతాదండి, పక్కకి లాగితే ఊడిపోద్ది."

లోతు తగ్గించే కొద్దీ కొలత తప్పుల ధర కూడా పెరుగుతుంది. 110 దగ్గర ఒక సెంటీమీటరు తప్పు కొలిస్తే బిగువు లెక్కలో ఒక శాతం లోపే తేడా. 40 దగ్గర అదే సెంటీమీటరు రెండున్నర శాతం. ఇంకా ఎత్తి 20కి తెస్తే ఐదు శాతం. తాళ్లు పూర్తిగా అడ్డంగా రావాలంటే ఎంత లాగినా రావు, ఎందుకంటే అడ్డంగా ఉన్న తాడు పైకి లాగలేదు.

మార్చింది:

1. లోతు 75కి స్థిరపరిచాం. దీపం అడుగు 200 సెంటీమీటర్ల ఎత్తుకి వచ్చింది.
2. స్క్రూ కొక్కేలు తీసేసి, దూలం మందం అంతా దూరిపోయే 8 మిల్లీమీటర్ల ఐ బోల్టులు, రెండు పక్కలా వెడల్పాటి వాషర్లతో బిగించాం. వీలైనంత వరకు బోల్టు కన్ను తాడు పోయే దిక్కుకి తిరిగి ఉండేలా చూశాం.
3. వెనక అడ్డకర్ర కొక్కెం చోట పుచ్చిపోయి కనిపించింది. గట్టి కలప దానికి సరిగ్గా పైన 20 సెంటీమీటర్ల ఎత్తులోనే దొరికింది. బోల్టు అక్కడ దించాం.

ఈ మూడోది లెక్కని కొంచెం మార్చింది. ఇప్పుడు కొక్కేలన్నీ ఒకే ఎత్తులో లేవు. అయినా నేల మీది గుర్తులు మారలేదు కాబట్టి అడ్డ దిక్కుల లెక్క, అంటే వాటాలు, పాతవే. మారేది లోతు ఒక్కటే. ఎడమ, కుడి కొక్కేలకి 75, వెనక కొక్కేనికి 95. ఒక్కో లోతుని దాని వాటాతో గుణించి కూడితే 21.25, 38.75, 19, మొత్తం 79. పాత సూత్రంలో లోతు స్థానంలో ఈ 79 పెడితే చాలు. వెనక తాడు పొడవు 267.1 నుంచి 273.4 అయింది.

- ఎడమ: లెక్క 5.04, తూచింది 5.08
- కుడి: లెక్క 7.09, తూచింది 7.05
- వెనక: లెక్క 4.21, తూచింది 4.20

ఎడమ పెరిగి కుడి తగ్గింది కాబట్టి, పైన చెప్పిన గుర్తు ప్రకారం కూడలి కొద్దిగా ఎడమకి ఉండాలి. గుండు వేసి చూస్తే 3 మిల్లీమీటర్లు ఎడమకే ఉంది. అలాగే వదిలేశాం.

ఖర్చు ఇప్పటికి: 935కి ఐ బోల్టులు, వాషర్లు 135 కలిపి 1070 రూపాయలు.

దశ 7: దూలం దాటి ముందుకి జరపమంటే

దీపాన్ని గర్భగుడి వైపు ఇంకో 90 సెంటీమీటర్లు జరపమని అడిగారు. అంటే ముందు దూలం గీతని 30 దాటి అవతలికి. నేల మీద గుర్తు పెట్టి చూస్తే అది సుద్ద త్రిభుజం బయట పడింది. లెక్కేస్తే వెనక తాడు వాటా మైనస్ 0.10 వచ్చింది. మైనస్ అంటే ఆ తాడు లాగకుండా నెట్టాలని. కర్ర అయితే నెడుతుంది, తాడు నెట్టలేదు.

వెనక తాడు టర్న్‌బకిల్ వదులు చేసుకుంటూ పోతే దీపం ముందుకి వచ్చింది. వస్తున్న కొద్దీ వెనక తాడు బిగువు తగ్గుతూ, కూడలి సరిగ్గా దూలం కిందికి చేరేసరికి సున్నా అయి తాడు వేలాడిపోయింది. అక్కడి నుంచి ఎంత వదిలినా దీపం ముందుకి రాదు, ఎడమ కుడి తాళ్ల మీదే దూలం కింద నిలబడిపోతుంది. మూడు తాళ్లతో దీపం నిలబడే చోట్లన్నీ ఆ సుద్ద త్రిభుజం లోపలే. అంచుకి దగ్గరగా పెట్టినా చిక్కే. ఎదురు తాడు దాదాపు వదులైపోయి, చిన్న గాలికే దీపం ముందూ వెనకా ఊగుతుంది. ఏ వాటా కూడా 0.10 కంటే తగ్గకుండా చోటు ఎంచుకుంటే ఆ ఊగుడు ఉండదు.

గర్భగుడి గోడకి నాలుగో తాడు కట్టొచ్చుగా అన్నారు. కట్టొచ్చు, దీపం ముందుకి వస్తుంది కూడా. కానీ తెలియని బిగువులు నాలుగవుతాయి, షరతులు మూడే ఉంటాయి. అప్పుడు ఏ తాడు ఎంత మోస్తుందనేది తాళ్ల సాగుడు మీద, టర్న్‌బకిల్ ఎవరెంత తిప్పారన్న దాని మీద ఆధారపడుతుంది. అర చుట్టు తిప్పితే ఒక తాడు వదులైపోతుంది, దాని బరువు మిగతా వాటి మీద పడుతుంది. కావాలంటే వెనక తాడు విప్పేసి దాన్నే గర్భగుడి గోడకి కట్టి, మూడు తాళ్లే ఉంచి, దశ 1 నుంచి కొలతలు మళ్లీ తీసుకోవచ్చు. గోడలో బోల్టుకి కన్నం వేయడానికి కమిటీ ఒప్పుకోలేదు. దీపం పాత గుర్తు మీదే ఉంది, టర్న్‌బకిల్స్ తిరిగిపోకుండా వాటి కన్నాల్లోంచి బైండింగు వైరు దూర్చి మెలిపెట్టాం.